ముందు అద్దం మార్చాక ఫాస్టాగ్ చదవడం లేదు. బ్యాలెన్స్ ఉంది, ఏం చూడాలి?

కావలి సెడాన్
అందరికీ నమస్తే. చీమకుర్తి వైపు పోతుంటే ముందున్న కంకర లారీ నుంచి రాయి ఎగిరి కారు ముందు అద్దానికి తగిలింది. పగులు పెద్దదవుతుంటే అద్దం మార్పించాను. షెడ్డులో కుర్రాడు పాత అద్దం మీదున్న ఫాస్టాగ్‌ను బ్లేడుతో మెల్లగా ఊడదీసి, కొత్త అద్దానికి డబుల్ టేపుతో అంటించాడు. చూడ్డానికి నీట్‌గానే ఉంది.

అప్పట్నుంచి గొడవ మొదలైంది. ఒంగోలు వైపు పోయినా, నెల్లూరు వైపు పోయినా టోల్‌గేటు దగ్గర గేటు లేవదు. వెనక బస్సువాడు హారన్ మోత. సిబ్బంది చేతి మిషను తెచ్చి అద్దానికి ఆనిస్తే ఒక్కోసారి చదువుతుంది, ఒక్కోసారి అదీ లేదు. చదవనప్పుడు యూపీఐతో ఒకటింపావు రేటు కట్టాల్సి వచ్చింది. యాప్‌లో వెయ్యి రూపాయల పైనే బ్యాలెన్స్ ఉంది, ట్యాగ్ యాక్టివ్ అని చూపిస్తోంది. ఒక గేటులో అబ్బాయి "కొత్త అద్దం మంచిది కాదు సార్, మార్పించుకోండి" అన్నాడు. అద్దానికి ఎంతయిందో నాకే తెలుసు! నిజంగా అద్దమేనా?

సింగరాయకొండ శీను
అన్నా, ట్యాగ్ ఎప్పుడు తీసుకున్నావు? దానికి ఐదేళ్లే లైఫ్. లోపల బటన్ బ్యాటరీ లాంటిది సన్నగా ఉంటుంది, అది అయిపోతే దగ్గర పెడితేనే చదువుతుంది. మా బావ కారుకీ ఇంతే. కొత్తది తీసుకున్నాక ఒక్క క్షణంలో గేటు లేచింది. అద్దం జోలికి పోవద్దు.

పది చక్రాల బండి
బ్యాలెన్స్ ఉందని నమ్మొద్దు సార్. మా లారీకి నాలుగు వేలు ఉండగానే ఆపేశారు. డ్రైవరు ఫోన్ చేస్తే లైన్లో ఉండగానే ఇంకో రెండు వేలు వేశాను. అయినా గేటు లేవలా. తర్వాత చూస్తే ఆర్సీ ఫోటో, బండి ముందు భాగం ఫోటో మళ్లీ పెట్టమని బ్యాంకు మెసేజ్ పంపి ఉంది, మేం చూడలేదు. ఆ ఫోటోలు ఎక్కించి, బ్యాంకు వాళ్లు ఓకే చేశాకే దారికొచ్చింది. మీది కూడా కేవైసీ గొడవే. షెడ్డుకి, అద్దానికి సంబంధం లేదు.

లేన్ సైడు
టోల్ లేన్లలో రీడర్లు, గేట్లు బిగించే పని కొన్నాళ్లు చేశాను, అందుకని చెబుతున్నా. పది చక్రాల అన్న చెప్పింది నిజమే, కానీ అది వేరే జబ్బు. రెండింటినీ కలిపితే డబ్బూ పోతుంది, టైమూ పోతుంది.

గేటు లేవలేదంటే రెండు రకాలు. ఒకటి, రీడర్ ట్యాగ్‌ను అసలు చూడలేదు. రెండు, చూసింది, నంబరు తీసుకుంది, కానీ ఆ నంబరు ఆపేసిన ట్యాగ్‌ల జాబితాలో ఉంది కాబట్టి తిరగ్గొట్టింది. లారీ కేసు రెండోది. అక్కడ ట్యాగ్‌లో, అద్దంలో ఏ లోపమూ లేదు. కేవైసీ కోసం ఆపిన ట్యాగ్‌కి ఎంత డబ్బు వేసినా గేటు లేవదు, బ్యాంకు ఆ అడ్డు తీసేయాల్సిందే.

బూత్ పక్కన లైట్ల బోర్డు ఉంటుంది చూడండి. మీ కారు ఆగినప్పుడు దాని మీద మీ బండి నంబరో, బ్లాక్‌లిస్ట్ అనో వచ్చిందా? లేక మీరు అక్కడ లేనట్టే ఖాళీగా ఉందా? ముందు ఇది చెప్పండి. బోర్డు పనిచేయకపోతే లోపల కూర్చున్నవాళ్లను "చదివి తిరగ్గొట్టిందా, అసలు చదవలేదా" అని అడగండి. వాళ్ల స్క్రీన్ మీద ఆ తేడా తెలిసిపోతుంది.

శీను గారూ, ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. కొత్తది వేస్తే పనిచేసిందన్న మాట నిజమే కావచ్చు, కారణం మాత్రం బ్యాటరీ కాదు.

కావలి సెడాన్
బోర్డు మీద ఏమీ రాదండీ. ముందు బండి నంబరే అలా నిలబడి ఉంటుంది. చేతి మిషను చదివినప్పుడు మాత్రం నా నంబరు వచ్చి, డబ్బు మామూలు రేటే కట్ అయింది.

సింగరాయకొండ శీను
బ్యాటరీ లేకుండా అంత ఎత్తునుంచి ఎట్టా చదువుతుందబ్బా? కరెంటు ఎక్కడిది?

లేన్ సైడు
మంచి ప్రశ్న. సెడాన్ గారి జవాబూ అందులోనే ఉంది, కాస్త విడమరిచి చెబుతా.

లేన్ మీద రేకుల కప్పుకో, ఇనుప దూలానికో పలక లాంటి యాంటెన్నా ఒకటి వచ్చే బండ్ల వైపు ఏటవాలుగా బిగించి ఉంటుంది. ఎత్తు సుమారుగా ఐదారు మీటర్లు. అది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య రేడియో తరంగాలు వదులుతుంది. మన దేశంలో ఈ పనికి ఇచ్చిన బ్యాండ్ అదే. ఆ తరంగం మీ ట్యాగ్‌ను తాకితే, కాగితం లోపలున్న పల్చటి లోహపు గీతలు, అంటే ట్యాగ్ యాంటెన్నా, అందులోంచి కాసింత కరెంటు పుట్టిస్తాయి. మధ్యలో ఆవగింజ కన్నా చిన్న చిప్ ఉంటుంది. దానికి కావాల్సింది చాలా తక్కువ. ఒక వాటును లక్ష భాగాలు చేస్తే అందులో ఒకటో రెండో చాలు. అంత అందగానే చిప్ మేలుకుంటుంది.

మేలుకున్నాక అది సొంతంగా తరంగం పంపదు. తన మీద పడుతున్న తరంగాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా తిప్పికొడుతుంది. పిల్లలు ఎండలో అద్దం ముక్క ఊపి గోడ మీద వెలుగు ఆడించినట్టు. ఆ మార్పుల్లోనే మీ ట్యాగ్ నంబరు ఉంటుంది. రీడర్ ఆ నంబరు పట్టుకుని జాబితాతో పోల్చుకుని గేటు లేపుతుంది. డబ్బు లెక్క ఆ తర్వాత బ్యాంకుల మధ్య నడుస్తుంది. అందుకే గేటు లేచినా మెసేజ్ ఆలస్యంగా రావడం మామూలే.

ఇందులో బలహీనమైన చోటు ఒక్కటే. చిప్‌కి మేలుకోవడానికి సరిపడా శక్తి అందాలి. దూరం రెట్టింపయితే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. చేతి మిషను బలం తక్కువే, కానీ జానెడు దూరంలో పెడతారు కాబట్టి దెబ్బతిన్న ట్యాగ్‌నూ లేపగలదు. పైన యాంటెన్నాకి మాత్రం ట్యాగ్ పూర్తి ఆరోగ్యంతో ఉండాలి. అంటే మీ చిప్ బతికే ఉంది. దానికి కరెంటు తెచ్చే గీతలైనా, మధ్యలో ఉన్న అద్దమైనా, ట్యాగ్‌ను అంటించిన తీరైనా తేడా కొడుతూ ఉండాలి.

నా అనుమానం మొదట ట్యాగ్ మీదే. ఈ స్టిక్కర్లను ఊడదీస్తే పనికిరాకుండా పోయేలాగే తయారుచేస్తారు, ఒక బండిది తీసి ఇంకో బండికి అంటించకుండా. బ్లేడు పెట్టి లేపినప్పుడు పైకాగితం బాగానే ఉంటుంది, లోపల గీత మాత్రం వెంట్రుకంత చీలుతుంది. కంటికి కనపడదు. దానికి తోడు డబుల్ టేపు. ట్యాగ్ యాంటెన్నాను గాజుకు పూర్తిగా అతుక్కుని ఉంటుందన్న లెక్కతో కొలిచి చేస్తారు. టేపు మందం, మధ్యలో గాలి వచ్చి చేరితే దాని శ్రుతి పక్కకు జరుగుతుంది. 866 దగ్గర బాగా వినాల్సింది ఇంకెక్కడో వింటుంది. ఒక్క టేపు వల్లే గేటు ఆగిపోవాలని లేదు, కానీ చీలిన గీతకు తోడైతే చాలు.

కందుకూరు టీచర్
ఒక సందేహం. మా అబ్బాయి ఫోన్‌తో మెట్రో కార్డు చదివిస్తాడు. అలాగే ఫోన్ వెనక భాగం ట్యాగ్ మీద పెట్టి బతికి ఉందో లేదో చూడొచ్చు కదా? నేను ప్రయత్నిస్తే ఏమీ రాలేదు. అంటే మాదీ పోయినట్టేనా?

లేన్ సైడు
పోలేదు మేడం, కంగారు పడకండి. ఫోన్లో ఉండేది 13.56 మెగాహెర్ట్జ్ రకం, నాలుగు వేళ్ల దూరంలో పనిచేసేది. ఫాస్టాగ్ వేరే బ్యాండ్ కాబట్టి కొత్త ట్యాగ్ మీద పెట్టినా మామూలు ఫోన్ ఏమీ చదవలేదు. ట్యాగ్ మీద ముద్రించిన కోడ్‌ను కెమెరాతో స్కాన్ చేస్తే నంబరు వస్తుంది, అది అచ్చు మాత్రమే. లోపలి చిప్ సంగతి అది చెప్పదు.

మాగుంట లేఅవుట్ ఎస్‌యూవీ
లేన్ సైడు గారూ, అద్దాన్ని మరీ అంత తేలిగ్గా వదిలేయకండి. నా బండి అద్దం ఎండవేడి ఆపే రకం. నెల్లూరు ఎండలకు అది వరమే, కానీ ట్యాగ్ డ్రైవరు వైపు మూల అంటిస్తే ఏ గేటూ లేవలేదు. కొత్త ట్యాగే, ఎవరూ ఊడదీయలేదు. మాన్యువల్లో చూస్తే రియర్ వ్యూ మిర్రర్ వెనక నల్ల చుక్కలున్న చోట అంటించమని బొమ్మ వేసి ఉంది. బ్యాంకు నుంచి ఇంకో ట్యాగ్ తెప్పించి అక్కడ అంటించాను. అంతే, సమస్య పోయింది. సెడాన్ గారూ, షెడ్డులో వేసింది మీ కంపెనీ అద్దమేనా, వేరేదా?

కావలి సెడాన్
కంపెనీది కాదండీ, బయట అద్దమే. కాస్త పచ్చగా కనిపిస్తుంది. వేడి ఆపుతుందని షెడ్డువాళ్లు గొప్పగా చెప్పారు. అందుకే నాకు టెన్షన్.

లేన్ సైడు
ఎస్‌యూవీ గారిది సరైన మాట. వేడి ఆపే అద్దాల్లో రెండు రకాలున్నాయి. గాజులోనే రంగు కలిపి చేసేవి ఒకటి. వాటి పచ్చదనం రేడియోకి అడ్డం కాదు. రెండోది, రెండు గాజు పొరల మధ్య కంటికి కనపడనంత పల్చటి లోహపు పూత ఉండేది. ఈ తరంగాలకు లోహం గోడ లాంటిదే. పైగా తరంగం అద్దం దాటి లోపలికి రావాలి, జవాబు మళ్లీ అద్దం దాటి బయటికి పోవాలి, కాబట్టి దెబ్బ రెండుసార్లు. అందుకే అలాంటి అద్దాల్లో కొందరు తయారీదారులు మిర్రర్ దగ్గర పూత లేని కిటికీ వదులుతారు. మాన్యువల్లో చూపించేది ఆ చోటునే. లోహం కలిసిన సన్‌ఫిల్మ్ అంటించినా ఇదే కథ.

రంగు చూసి ఏ రకమో చెప్పలేం. ఒక పరీక్ష చెబుతా. రద్దీ లేని వేళ టోల్‌కి వెళ్లి, కారును పక్కకు తీసి, చేతి మిషను పట్టుకున్న మనిషిని మర్యాదగా అడగండి, చాలామంది కాదనరు.

ముందు బయటనుంచి, ట్యాగ్‌కి ఎదురుగా అద్దానికి ఆనించి చదివించండి. చదివితే మిషన్‌ను కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ ఎక్కడ ఆగిపోతుందో చూడండి. అదే మిషన్‌తో పక్కనున్న వేరే కారు ట్యాగ్‌ను కూడా అలాగే చూడండి. ఒక్కో మిషను బలం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇన్ని అడుగులు రావాలని లెక్క చెప్పను, పోలిక మాత్రం అబద్ధం చెప్పదు. తర్వాత తలుపు తెరిచి, మిషను లోపల పెట్టి, మధ్యలో అద్దం లేకుండా మీ ట్యాగ్‌ను చదివించండి.

లోపలినుంచి బాగా దూరం అంది, బయటనుంచి జానెడే అందితే తప్పు అద్దానిది. రెండు వైపులా జానెడే అయితే అనుమానం ముందు ట్యాగ్ మీదే. ట్యాగ్ ముఖం బయటికి ఉంటుంది కాబట్టి లోపలివైపు కొంచెం తక్కువ రావచ్చు, దాన్ని పట్టించుకోవద్దు. మనం వెతికేది కొట్టొచ్చినట్టు కనిపించే తేడా. ట్యాగ్‌ను చేత్తో పట్టుకుని మాత్రం చూడకండి. వేళ్లు గీతల మీద పడితే మంచి ట్యాగ్ కూడా చచ్చినట్టే ఉంటుంది.

పది చక్రాల బండి
చేత్తో పట్టుకుని అద్దం దగ్గర చూపించే కార్లవాళ్లు ఇది చదవాలి. మా డ్రైవర్లు వాళ్ల వెనక నిలబడి తిట్టని తిట్టు లేదు. అలా అంటించని ట్యాగ్‌లను బ్లాక్‌లిస్ట్ చేయమని 2025లో హైవే అథారిటీ చెప్పింది కూడా.

బైపాస్ లాయరు
ఇంత పరిశోధన ఎందుకండీ? రూల్ ఉంది. ట్యాగ్‌లో బ్యాలెన్స్ ఉండి స్కాన్ కాకపోతే డబ్బు కట్టకుండా పోవచ్చు. 2018లోనే గెజిట్ వచ్చింది. సున్నా రసీదు ఇమ్మని అడగండి, ఇవ్వకపోతే 1033కి ఫోన్ చేయండి. మీరు కట్టిన ఒకటింపావు రేటు కూడా వాపసు అడగొచ్చు.

లేన్ సైడు
సగం చెప్పారు సార్. ట్యాగ్ చెల్లుబాటులో ఉండి, పనిచేస్తూ, బ్యాలెన్స్ ఉండి, టోల్ వాళ్ల యంత్రం చెడిపోవడం వల్ల చదవకపోతేనే ఆ సున్నా రసీదు. "పనిచేస్తూ" అన్న మాట దగ్గరే వాదన వస్తుంది. ఆ లేన్లో వెనకా ముందూ బండ్లన్నీ టకటకా పోతూ సెడాన్ గారిది ఒక్కటే ఆగితే, అదీ ప్రతి గేటులో ఆగితే, యంత్రం చెడిందని ఎలా అంటాం? పనిచేసే ట్యాగ్ లేని బండికి నగదు అయితే రెట్టింపు, యూపీఐ అయితే ఒకటింపావు అని 2025 నవంబరు 15న అమల్లోకి వచ్చింది. వంద రూపాయల టోల్‌కి నగదు 200, యూపీఐ 125. ఆయన దగ్గర తీసుకున్నది ఆ లెక్కే.

బైపాస్ లాయరు
అద్దానికి ఆనిస్తే చదివింది కదా, పనిచేస్తున్నట్టే. పైనున్న యాంటెన్నా చదవలేకపోతే అది వాళ్ల బాధ్యత. దీని మీద నేను వాదిస్తా.

లేన్ సైడు
వాదించండి సార్, గెలిస్తే ఇక్కడ రాయండి. అయితే చేతి మిషను చదివినప్పుడు మామూలు రేటే తీసుకున్నారు. ఆ మేరకు మీ మాట వాళ్లూ ఒప్పుకున్నట్టే. అందుకే చేతి మిషను తెమ్మని అడగడం మానొద్దు. చాలామంది సిగ్గుపడి యూపీఐ కట్టేస్తారు.

కందుకూరు టీచర్
మాకు కొన్ని గేట్లలో కారు కొంచెం వెనక్కి తీయమంటారు. తీయగానే లేస్తుంది. అది కూడా ట్యాగ్ తప్పేనా?

లేన్ సైడు
కాదు మేడం. యాంటెన్నా ఏటవాలుగా, గేటుకు కాస్త ముందున్న నేల వైపు చూస్తుంది. మీరు మరీ గేటు దాకా పోతే దాని చూపు కిందనుంచి దాటేస్తారు. ముందు బండికి మరీ ఆనుకుని పోయినా చిక్కే. రెండు ట్యాగ్‌లు ఒకేసారి పలికితే రీడర్ వాటిని విడదీసి చదవగలదు, కానీ ముందున్నది ఏదో, వెనకున్నది ఏదో దానికి తెలియదు. ఒక కారు దూరం వదిలి, మెల్లగా పోతే సరి.

కావలి సెడాన్
మిత్రులారా, పరీక్ష చేయించాను. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లాను, ఆ అబ్బాయి ఓపిగ్గా చేశాడు. పక్కనున్న హ్యాచ్‌బ్యాక్ ట్యాగ్‌ను బానెట్ ముందు నిలబడి చదివాడు. నాది అద్దానికి అరచేతి దూరం దాటితే లేదు. తలుపు తెరిచి లోపలినుంచి పెట్టినా అదే అరచేయి. అంటే అద్దం బతికిపోయింది, నా డబ్బూ బతికింది.

అదే బ్యాంకులో ట్యాగ్ పాడైందని చెప్పి మార్పిడికి పెట్టాను. పాతదాన్ని వాళ్లే మూసేశారు, బ్యాలెన్స్ కొత్తదానికి వచ్చింది. అద్దం లోపలివైపు మిర్రర్ వెనక తుడిచి, తడి పూర్తిగా ఆరాక, బుడగలు లేకుండా నొక్కుతూ అంటించాను. టంగుటూరు దగ్గర కారు పూర్తిగా ఆగకముందే గేటు లేచింది. పాత ట్యాగ్‌ను వెలుతురుకు పెట్టి చూస్తే ఒక చివర గీత మీద సన్నటి మడత ఉంది, అది చీలికో కాదో నాకు తెలియలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. రోజూ పోయే ఒక గేటులో ఎడమ చివరి లేన్లో మాత్రం ఇప్పటికీ రెండు మూడు క్షణాలు ఆలోచిస్తుంది. పక్క లేన్లలో ఏ గొడవా లేదు. ట్యాగ్ పక్కనే డ్యాష్‌క్యామ్ ఉంది, దానివల్లా?

మాగుంట లేఅవుట్ ఎస్‌యూవీ
డ్యాష్‌క్యామే. నాదీ ట్యాగ్‌కి ఆనుకుని ఉండేది, జరిపాక తేడా కనిపించింది.

లేన్ సైడు
కావచ్చు. కెమెరా స్టాండులో, వైరులో లోహం ఉంటుంది, ట్యాగ్‌కి మరీ దగ్గరుంటే దాని శ్రుతి చెడుతుంది. కనీసం జానెడు దూరం జరపండి, వైరు ట్యాగ్ మీదుగా పోకుండా చూడండి. కానీ తప్పు కెమెరాదే అయితే అన్ని లేన్లలోనూ కనిపించాలి కదా? ఒకే లేన్ అంటే ఆ యాంటెన్నా కోణం జారి ఉండొచ్చు, లేదా కేబుల్ కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఉండొచ్చు. సముద్రపు గాలికి మన వైపు కనెక్టర్లు తొందరగా తుప్పు పడతాయి. ఆ లేన్లో మిగతా కార్లు కూడా తడుముకుంటున్నాయేమో చూసి చెప్పండి.

సింగరాయకొండ శీను
ఆ ఎడమ చివరి లేన్ ఏ గేటుదో నాకు అర్థమైందిలే అన్నా. మా బావ కొత్త ట్యాగ్‌కి కూడా అక్కడ లేటే. ఆయన కారులో డ్యాష్‌క్యామ్ లేదు మరి.

మాగుంట లేఅవుట్ ఎస్‌యూవీ
నా కారు అదే లేన్లో సాఫీగా పోతుంది. జరపమనే చెబుతా.

కావలి సెడాన్
కెమెరా జరిపి చూస్తాను. తేడా ఉన్నా లేకపోయినా రాస్తాను.